మనసు విప్పి రాసిన మెసేజ్‌కి వారాలు గడిచినా జవాబు రాలేదు. మళ్ళీ ఎలా పలకరించాలి?

ప్రశ్న: నా చిన్ననాటి స్నేహితురాలి నాన్నగారు పోయినప్పుడు నేను వెళ్ళలేదు, సరిగ్గా ఫోన్ కూడా చేయలేదు. రెండేళ్ళ తర్వాత, ఐదు వారాల కిందట, క్షమించమని అడుగుతూ వాట్సాప్‌లో చాలా పెద్ద మెసేజ్ రాశాను. బ్లూ టిక్స్ వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. మళ్ళీ రాయొచ్చా? నేను అలిగినట్టో, దెప్పుతున్నట్టో అనిపించకుండా ఎలా రాయాలి?

జవాబు:

రాయొచ్చండి. ఒక్కసారే రాయండి, నాలుగు వాక్యాలు దాటకుండా రాయండి. ఆ మెసేజ్‌లో పాత మెసేజ్‌కి జవాబు అడగకండి. అసలు జవాబు రాయాల్సిన అవసరమే లేదని ఆవిడకి తెలిసేలా రాయండి. మొదటి మెసేజ్‌తో ఆవిడ మీద ఒక బాకీ పడింది. రెండో మెసేజ్ ఆ బాకీని రద్దు చేయాలి, గుర్తు చేయకూడదు. మిగతా సలహా అంతా దీన్నుంచే వస్తుంది.

నేను 18 ఏళ్ళుగా ఫ్యామిలీ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, స్నేహితులు నా దగ్గరికి వస్తుంటారు. ఈ మధ్య పదేళ్ళుగా నా పనిలో పెద్ద భాగం వాళ్ళ ఫోన్లో మెసేజ్‌లు పక్కన కూర్చుని చదవడమే. ఒకరు మనసంతా పోసి రాస్తారు, అవతల నిశ్శబ్దం. ఇవతలి మనిషి మూడు వారాలు ఓపిక పట్టి, నాలుగో వారంలో ఒక మాట అంటారు. చాలాసార్లు బంధం దెబ్బతినేది మొదటి మెసేజ్ వల్లో, నిశ్శబ్దం వల్లో కాదు, ఆ నాలుగో వారంలో అన్న మాట వల్ల.

ఆవిడ ఎందుకు పలకలేదో ముందు మాట్లాడుకుందాం. కారణం మీరు ఏమని ఊహించుకుంటే మీ రెండో మెసేజ్ గొంతు అలాగే వస్తుంది.

కొన్నేళ్ళ కిందట నాతో చదువుకున్న ఒకావిడ నాకు పెద్ద ఉత్తరం లాంటి మెసేజ్ పంపింది. తను కష్టంలో ఉన్న రోజుల్లో నేను చేసిన ఒక చిన్న సాయాన్ని గుర్తుపెట్టుకుని, ఇన్నాళ్ళకి థ్యాంక్స్ చెప్పింది. నేను దాన్ని బస్సులో నిలబడి చదివాను. కళ్ళు తడిశాయి. ఇంత మంచి మాటకి ఇలా నిలబడి రెండు ముక్కలు కొట్టకూడదు, ఇంటికెళ్ళి ప్రశాంతంగా రాయాలి అనుకున్నాను. ఆ రాత్రి వీలుపడలేదు. మర్నాడు రాయబోతే, ఒక రోజు ఆలస్యమైంది కాబట్టి ఇంకాస్త బాగా రాయాలనిపించింది. వారం తర్వాత ఆలస్యానికి సంజాయిషీ కూడా చేర్చాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి నేను రాయాల్సిన జవాబు నా తలలో రెండు పేజీలు అయిపోయింది. ‘నీ మెసేజ్ చదివాను’ అని టైప్ చేసి చెరిపేసిన సందర్భాలు ఐదారు ఉంటాయి. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు, ఉన్నదంతా ప్రేమే. కానీ రెండు నెలలు ఆమె చూసింది బ్లూ టిక్కులు మాత్రమే.

అంటే నిశ్శబ్దానికి నిర్లక్ష్యమే కారణం కానక్కర్లేదు. జవాబు ఎంత ముఖ్యమనిపిస్తే అంత వాయిదా పడుతుంది. ‘రేపు వస్తున్నావా?’ అన్నదానికి పది సెకన్లలో జవాబు వస్తుంది. ‘నువ్వు నా జీవితంలో ఇంత ముఖ్యం’ అన్నదానికి రాదు. ఫోన్ పనిచేసే తీరు కూడా ఇందుకు తోడవుతుంది. ఒకసారి తెరిచి చదివాక ఆ చాట్ పక్కనుండే ఆకుపచ్చ అంకె పోతుంది, రెండు రోజుల్లో ఆ చాట్ కిందికి జారిపోతుంది. కళ్ళకి కనబడదు, మనసులో మాత్రం గుచ్చుకుంటూ ఉంటుంది.

మీ విషయంలో ఇంకొకటి ఉంది. మీరు రాసింది క్షమాపణ. ఎవరైనా క్షమించమని అడిగితే మనకి అలవాటైన జవాబు ‘పర్లేదు’. తండ్రి పోయిన రోజుల్లో దగ్గరి స్నేహితురాలు పక్కన లేకపోవడం ఆవిడకి నిజంగా బాధ కలిగించి ఉంటే, ‘పర్లేదు’ అనడం అబద్ధం. ‘లేదు, నాకు చాలా బాధేసింది’ అంటే గొడవ మొదలుపెట్టినట్టు. ఈ రెండూ ఇష్టంలేని మనిషికి మిగిలేది ఊరుకోవడమే. క్షమాపణ మెసేజ్‌ల తర్వాత వచ్చే నిశ్శబ్దంలో ఇది నేను చాలా ఎక్కువగా చూశాను. వాళ్ళు మీ మాటని తోసిపుచ్చలేదు, ఇంకా నములుతున్నారు. ఆ సమయంలో ‘నా మెసేజ్ చూశావా?’ అని అడగడమంటే ‘నన్ను క్షమించడం పూర్తయిందా?’ అని అడిగినట్టే ఆవిడకి వినబడుతుంది.

అందుకే బాకీ రద్దు అంటున్నాను. ‘దానికి జవాబు రాయాలని పెట్టుకోకు’ అన్న ఒక్క వాక్యం ఆవిడ భుజం మీదున్న బరువుని దించుతుంది. ఇది ఉత్త మర్యాద మాట కాదు. ఆఫీసు ఈమెయిల్స్ మీద లారా జుర్జ్, వనెసా బోన్స్ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనాలు ఉన్నాయి. అర్జెంటు కాని మెయిల్ అందుకున్నవాళ్ళు, పంపినవాళ్ళు నిజంగా ఆశిస్తున్నదానికంటే త్వరగా జవాబు ఆశిస్తున్నారని అనుకుంటారని, ఆ ఊహే వాళ్ళకి ఒత్తిడి పెంచుతుందని తేలింది. తొందరేమీ లేదని పంపినవాళ్ళు మెయిల్‌లో ఒక ముక్క రాస్తే ఆ తేడా తగ్గింది. అది ఆఫీసు సంగతి, మీది స్నేహం సంగతి, రెండూ ఒకటి కావు. అయితే అవతలివాళ్ళు మన మనసులో లేని తొందరని మన మెసేజ్‌లో చదువుతారన్నది మాత్రం నా అనుభవంలో ఇంకా బలంగా కనబడింది.

ఇప్పుడు ఒక కేసు చెప్తాను. వివరాలు కొన్ని మార్చాను, మెసేజ్‌ల తీరు మాత్రం ఇదే.

ఒక తల్లి, ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి, నా దగ్గరికి వేరే విషయంగా వస్తుండేది. తన స్కూలు స్నేహితురాలికి, పెళ్ళిళ్ళయ్యాక దూరమైపోయినందుకు, తన తప్పు ఎంతో ఒప్పుకుంటూ ఒక రాత్రి చాలా పెద్ద మెసేజ్ రాసింది. నాలుగు వారాలు జవాబు లేదు. నా ముందు కూర్చుని, పంపాలనుకున్న రెండో మెసేజ్ చూపించింది:

‘హాయ్, బిజీగా ఉన్నట్టున్నావు. నేను రాసింది చదివావో లేదో తెలీదు. నేనే ఎక్కువ రాశానేమో. పర్లేదు లే, నీకు వీలైనప్పుడు కనీసం ఒక్క ముక్క రాయి. నాకేం బాధ లేదు.’

ఆవిడ దృష్టిలో ఇది చాలా మెత్తటి మెసేజ్. మీరు స్నేహితురాలి స్థానంలో ఉండి మళ్ళీ చదవండి. ‘బిజీగా ఉన్నట్టున్నావు’ అంటే ‘నాకు తప్ప అందరికీ నీ దగ్గర టైముంది’ అని. ‘చదివావో లేదో’ అనడం బ్లూ టిక్స్ కనబడుతుండగా అన్న మాట, కాబట్టి అది నిలదీయడమే. ‘ఎక్కువ రాశానేమో’ అంటే అవతలివాళ్ళు ‘అయ్యో, అదేం లేదు’ అని ఓదార్చాల్సిన పని పడింది. ‘నాకేం బాధ లేదు’ అని ఎవరూ అడక్కుండా చెప్పేవాళ్ళకి బాధ ఉందని తెలుగు తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన భాష సంగతి చెప్పాలి. నిష్ఠూరం తెలుగులో పెద్ద మాటల్లో ఉండదు, చిన్న ముక్కల్లో దాక్కుంటుంది. ‘పర్లేదు’ వేరు, ‘పర్లేదు లే’ వేరు. ఆ ‘లే’ తగిలించగానే ముఖం పక్కకి తిప్పుకున్నట్టు వినబడుతుంది. ‘కనీసం’ వచ్చిందంటే అవతలి మనిషి కనీస ధర్మం కూడా చేయలేదని లెక్క. వాక్యం మొదట్లో ‘అయినా’ ఉంటే దాని వెనక చెప్పని ఫిర్యాదు ఒకటి ఉంటుంది: ‘అయినా నేనే రాస్తున్నాను.’ ‘మళ్ళీ నేనే’, ‘ఒక్క ముక్క’, ‘గుర్తున్నానా?’ ఇవన్నీ ఆ కుటుంబానివే. ఎప్పుడూ ‘ఏంటే’, ‘నువ్వు’ అని పిలిచే మనిషిని హఠాత్తుగా ‘ఎలా ఉన్నారు?’ అని గౌరవంగా పలకరించడం అన్నిటికంటే గట్టి దెబ్బ. అలిగినవాళ్ళే అలా మాట్లాడతారు. మీరిద్దరూ ఇదివరకు ఎలా పిలుచుకునేవారో అచ్చంగా అలాగే రాయండి.

ఆ తల్లి రెండో చిత్తు ప్రతి ఇంకో చివరికి వెళ్ళింది. ‘హాయ్! ఎలా ఉన్నావ్? ఏంటి విశేషాలు?’ అంతే. నిష్ఠూరం లేదు, నిజమే. కానీ ఈ మెసేజ్ వచ్చిన చాట్ తెరవగానే పైన ఆ పెద్ద మెసేజ్ కనబడుతుంది. దాన్ని వదిలేసి ‘బాగున్నా’ అనడం ఎలా? అంటే బాకీ అలాగే ఉంది, పైగా దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇలాంటి ‘హాయ్’లకి కూడా జవాబులు రాకపోవడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు పంపినవాళ్ళకి రెండింతలు బాధ.

చివరికి ఆవిడ పంపింది ఇది:

‘నిన్న మా పాపకి తొమ్మిదో ఎక్కం వేళ్ళ మీద చూపించాను, చిన్నప్పుడు నువ్వు నాకు నేర్పినట్టే. పడుకునేదాకా వేళ్ళు మడుస్తూనే ఉంది, నువ్వు బాగా గుర్తొచ్చావు. పోయిన నెల నేను రాసింది నీకు చెప్పాలని ఉండి రాశాను, దానికి జవాబు రాయాలని పెట్టుకోకు. ఎప్పుడు మాట్లాడాలనిపించినా నాకు సంతోషమే.’

మీకు ఆ కిటుకు తెలుసో లేదో. పది వేళ్ళూ చాపి, తొమ్మిది నాలుగులు కావాలంటే ఎడమ నుంచి నాలుగో వేలు మడుస్తారు. మడిచిన వేలికి ఎడమ పక్క మూడు, కుడి పక్క ఆరు, ముప్పై ఆరు. ఆ వివరం మెసేజ్‌కి ఎందుకంత బలం ఇచ్చిందంటే, అది ఆ ఇద్దరికీ మాత్రమే చెందింది. ‘నువ్వంటే నాకిష్టం’ అని మొదటి మెసేజ్‌లోనే చెప్పేసింది. ఈసారి ఆ మాట చెప్పకుండా, స్నేహితురాలు తన ఇంట్లో ఇంకా ఎక్కడుందో చూపించింది. అవతలివాళ్ళు కావాలంటే ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకోవచ్చు, కావాలంటే పాప గురించి అడగొచ్చు, ఏమీ చేయకపోయినా మర్యాద తప్పినట్టు కాదు.

అందులో నాలుగు వాక్యాలే ఉన్నాయి, ప్రతిదానికీ ఒక పని ఉంది. మొదటిది కొత్త, చిన్న, నిజమైన విషయం. రెండోది ఆ విషయానికీ ఆవిడకీ ఉన్న ముడి. మూడోది బాకీ రద్దు. నాలుగోది తలుపు తీసి ఉందని చెప్పడం. ప్రశ్న గుర్తు ఎక్కడా లేదని గమనించండి. ప్రశ్న పెడితే తప్పని కాదు, పెడితే ‘పాప ఏ క్లాసు?’ లాంటి, ఆలోచించకుండా చెప్పగలిగే ప్రశ్న పెట్టండి. ‘మనం మళ్ళీ మునుపటిలా ఉండగలమా?’ లాంటిది వద్దు.

మూడో వాక్యం గురించి ఒక జాగ్రత్త. ‘జవాబు అక్కర్లేదు’ అని రాసేముందు అది మీ విషయంలో నిజమో కాదో చూసుకోండి. నిజం కాకపోతే అది ఇంకో రకం ఉచ్చు అవుతుంది, పది రోజుల తర్వాత మీ కోపమే దాన్ని బయటపెడుతుంది. నేను వచ్చినవాళ్ళని ఇలా అడుగుతాను: ఈ మెసేజ్‌కి కూడా ఏమీ రాకపోతే, పంపినందుకు పశ్చాత్తాపపడతారా? ‘పడతాను’ అంటే ఇంకా టైము కాలేదు. ఇంకో రెండు వారాలు ఆగమంటాను. ‘పడను, చెప్పినందుకు నాకు తేలికగానే ఉంటుంది’ అన్నప్పుడు పంపమంటాను. మీ మొదటి మెసేజ్‌ని కూడా ఒకసారి తెరిచి చదవండి. అందులో ‘నువ్వు క్షమించానంటే తప్ప నాకు నిద్ర పట్టదు’ లాంటి మాట ఉందేమో చూడండి. ఉంటే, ‘నిద్ర పట్టదు అని రాశాను కదా, ఆ మాట నీ మీద పెట్టాల్సింది కాదు’ అని ఒక వాక్యం చేర్చడం న్యాయం. లేకపోతే పాత మెసేజ్ గురించి అంతకుమించి ఏమీ తవ్వొద్దు.

మీకు బాధ లేనట్టు నటించమని నేను అనడం లేదు. అంత ధైర్యం చేసి రాస్తే ఐదు వారాలు ఏమీ రాకపోవడం బాధే. కాకపోతే ఆ బాధ ఈ మెసేజ్‌లో చెప్పాల్సింది కాదు, ఎందుకంటే ఇక్కడ క్షమాపణ అడిగింది మీరు. ఆవిడ నష్టం గురించి మొదలైన మాట మీ బాధ దగ్గర ముగిస్తే, ఆ క్షమాపణ వెనక్కి తీసుకున్నట్టవుతుంది. దాన్ని మీవాళ్ళెవరితోనైనా చెప్పుకోండి, మీ ఇద్దరికీ తెలిసిన ఉమ్మడి స్నేహితులతో మాత్రం వద్దు. అది తిరిగి తిరిగి ఆవిడ దగ్గరికే చేరుతుంది, చేరేటప్పటికి ‘పాపం, నీ కోసం ఏడుస్తోంది’ అయిపోతుంది. ‘చూసిందా లేదా కాస్త కనుక్కో’ అని మధ్యవర్తిని పంపడం కూడా అంతే.

పంపే ముందు చేసే ఒక పరీక్ష చెప్తాను, నేను ప్రతిసారీ చేయిస్తాను. రాసింది ఒక రాత్రి అలాగే ఉంచి, మర్నాడు గట్టిగా, చిరాకుగా ఉన్న గొంతుతో చదవండి. మనం రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో ప్రేమగా వినబడుతుంది, అదే అవతలికి కూడా చేరుతుందనుకుంటాం. చేరదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ఈమెయిల్ మీద చేసిన ప్రయోగంలో, తాము వెటకారంగా అన్నారో నిజంగా అన్నారో చదివేవాళ్ళు దాదాపు 78 శాతం సార్లు సరిగ్గా పట్టుకుంటారని రాసినవాళ్ళు అనుకున్నారు. చదివినవాళ్ళు పట్టుకున్నది 56 శాతం. బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే పెద్ద తేడా లేదు. కాబట్టి ఆవిడ మీ మెసేజ్‌ని అలసిపోయి, చిరాకులో చదివినా గుచ్చుకోకూడదు. చిరాకు గొంతుతో చదివినప్పుడు ఏ వాక్యం దెప్పినట్టు వినబడితే ఆ వాక్యాన్ని సవరించొద్దు, తీసేయండి. సవరిస్తే పొడవు పెరుగుతుంది, పొడవు పెరిగితే మళ్ళీ బాకీ పెరుగుతుంది.

ఎప్పుడు పంపాలి? మామూలు ఆత్మీయమైన మెసేజ్ అయితే మూడు వారాలు ఆగమంటాను, క్షమాపణ అయితే నాలుగు నుంచి ఆరు. మీకు ఐదు అయ్యాయి, సరిపోతుంది. రాత్రి పదకొండు తర్వాత పంపొద్దు. అర్ధరాత్రి వచ్చిన నాలుగు వాక్యాలు కూడా ఏడుస్తూ రాసినట్టే కనబడతాయి. వాళ్ళ నాన్నగారు పోయిన తేదీకి దగ్గరగా కూడా వద్దు. ఆ రోజుల్లో మీ మెసేజ్ వస్తే, ఎక్కాల గురించి రాసినా, ఆవిడకి కనబడేది పాత గాయమే.

ఫోన్‌కి సంబంధించి కొన్ని చిన్న విషయాలు. పాత మెసేజ్‌ని పక్కకి జరిపి, దాని కిందే రిప్లైగా రాయకండి. అలా రాస్తే ఆ పాత మెసేజ్ ముక్క మీ కొత్త మాటల నెత్తిన వచ్చి కూర్చుంటుంది, రిమైండర్ నోటీసులాగా ఉంటుంది. ఉత్త ప్రశ్న గుర్తు ఒక్కటే పంపడం, పాత మెసేజ్‌నే మళ్ళీ ఫార్వర్డ్ చేయడం అసలు వద్దు. పాతదాన్ని ఇప్పుడు డిలీట్ చేద్దామనుకుంటే, అవతలివాళ్ళ ఫోన్లోంచి తీసే గడువు పంపిన రెండు రోజుల చిల్లరకే అయిపోయింది, మీ ఫోన్లో మాత్రమే పోతుంది. స్టేటస్‌లో ‘కొందరికి మన విలువ తెలియదు’ లాంటివి పెట్టకండి. ఆవిడని ఉద్దేశించి కాకపోయినా ఈ వారాల్లో ఆవిడ తన గురించే అనుకుంటుంది. వాయిస్ మెసేజ్ పంపొచ్చా అని చాలామంది అడుగుతారు. మీ గొంతు నిలకడగా ఉంటే, అరనిమిషం లోపు అయితే, బాగానే ఉంటుంది. గొంతు వణికితే రాతే మేలు.

పంపాక ఆ చాట్‌ని ఆర్కైవ్‌లో పెట్టేయండి. ‘లాస్ట్ సీన్’ చూస్తూ కూర్చుంటే, ఆవిడ ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి నిమిషం మీకు అవమానంలా తోస్తుంది. ఆవిడ ఆ నిమిషంలో కరెంటు బిల్లు గురించి ఎవరితోనో మాట్లాడుతూ ఉండొచ్చు.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు రెండు ఉన్నాయి. ఆవిడ ఇదివరకే ‘కొన్నాళ్ళు నన్ను వదిలేయి’ లాంటి మాట అని ఉంటే రాయొద్దు, ఎంత మెత్తగా రాసినా ఆ మాట దాటినట్టే. మీ మెసేజ్‌లో తేదీతో ముడిపడిన నిర్ణయం ఏదైనా ఉంటే, అప్పు సంగతో ప్రయాణం సంగతో, దాన్ని మనసు విషయాలతో కలపకుండా విడిగా అడగండి: ‘శుక్రవారంలోగా చెప్తే టికెట్ తీస్తాను, లేకపోతే ఈసారికి మానేస్తాను.’ అలాంటి చోట జవాబు అడగడం తప్పు కాదు.

రెండో మెసేజ్‌కీ ఏమీ రాకపోతే? ఆ విషయం మీద మూడోది రాయకండి. ఒక అన్నగారు నా దగ్గరికి వచ్చి, తమ్ముడికి ఇలాగే చక్కగా రెండో మెసేజ్ రాశారు. రాలేదు. ఎనిమిది నెలలు దాటింది, ఇప్పటికీ రాలేదు. ఆయన తమ్ముడి పుట్టినరోజుకి ‘పుట్టినరోజు శుభాకాంక్షలు రా’ అని మాత్రం పంపారు, ఇంకేమీ కలపలేదు. అది పంపొచ్చు. మూడు నాలుగు నెలలకోసారి, మంచి రోజున, ఒక వాక్యం ఎవరికీ బరువు కాదు. అంతకుమించి వెంటపడితే అవతలి మనిషి చాట్‌ని మ్యూట్‌లో పెట్టేస్తాడు. అప్పుడు నిజంగా ముఖ్యమైనది రాసినా చూడడు.

జవాబు వస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే సర్దుకుంటున్నవి చాలావరకు అక్కడే చెడుతున్నాయి. ఎక్కం పంపిన ఆ తల్లికి తొమ్మిది రోజుల తర్వాత జవాబు వచ్చింది. పెద్ద మెసేజ్ గురించి ఒక్క అక్షరం లేదు. ‘పదకొండో ఎక్కానికి కూడా ఒక కిటుకుంది, అది చెప్పావా పాపకి?’ అంతే. ఆవిడ ఆనందం పట్టలేక వెంటనే ‘నువ్వు రాస్తావని అనుకోలేదే, ఎన్ని రోజులు ఎదురుచూశానో’ అని మొదలుపెట్టి ఒక పేరా టైప్ చేసి నాకు చూపించింది. అది పంపితే తొమ్మిది రోజుల కిందట రద్దు చేసిన బాకీని వడ్డీతో సహా మళ్ళీ వేసినట్టే. అవతలివాళ్ళు ఎంత పొడవు రాస్తే అంతే పొడవు రాయమన్నాను, ఏ విషయం రాస్తే ఆ విషయమే రాయమన్నాను. ‘లేదే, నాకూ రాదు. చెప్పు’ అని పంపింది. అలా పిల్లల చదువుల మీదే మూడు నెలలు నడిచింది. తర్వాత ఒక రోజు స్నేహితురాలే ఫోన్ చేసి, ‘నువ్వప్పుడు రాసింది చాలాసార్లు చదివాను’ అని మొదలుపెట్టింది. అప్పుడు మాట్లాడుకున్నారు, గంటంపావు.

మీ స్నేహితురాలు కూడా ముందు వేరే ఏదో చిన్న మాటతోనే రావచ్చు, లేదా ఉత్త బొటనవేలు గుర్తు పెట్టొచ్చు. బొటనవేలు వస్తే దానికి తిరుగు జవాబు ఏమీ వద్దు, రెండు మూడు వారాలకి మళ్ళీ ఏదైనా చిన్నది పంపండి. ఒకవేళ ఆవిడ నేరుగా ‘ఆ రోజుల్లో నువ్వు లేకపోవడం నాకు చాలా బాధేసింది’ అని రాస్తే, అప్పుడు మీరు ఎందుకు రాలేకపోయారో వివరించకండి. ఆ కారణాలు మీ మొదటి మెసేజ్‌లో ఎలాగూ ఉండే ఉంటాయి. ‘నాన్నగారి చివరి రోజుల గురించి నీకు చెప్పాలనిపిస్తే నేను వింటాను’ అని మాత్రం రాసి, ఆవిడ ఫోన్ కోసం ఆ సాయంత్రం ఖాళీగా పెట్టుకోండి.